మూడు వోల్టుల సెల్లు

టార్చిలైటు సెల్లును చీల్చి చూసినవాళ్లకు తెలుసు, దాని కడుపంతా నలుపే. ఆ నలుపు కలిపే షెడ్డులో మార్తమ్మ చాలా ఏళ్లు పనిచేసింది. మాంగనీసు పొడి, బొగ్గు మసి, నవసాగరం ఇవన్నీ కలిపిన ముద్దను కంపెనీలో అందరూ మసాలా అనేవారు. ఆ పేరు ఎవడు పెట్టాడో గానీ, ఇంట్లో కూరలో మసాలా వేయాలంటే ఆమెకు చేయి వచ్చేది కాదు. ముక్కు చీదితే నలుపు. ఉమ్మితే నలుపు. తలంటుకుంటే మూడో చెంబుకు కూడా నీళ్లు నల్లగానే జారేవి. ఆమె పెనిమిటి పౌలు ఎగతాళి మనిషి. "నీ పక్కన పండుకుంటే కుంపటి పక్కన పండుకున్నట్టుంటదే" అని నవ్వేవాడు. ఆమెకు నవ్వు వచ్చేది కాదు. ఆదివారం పోతిరెడ్డిపల్లి చర్చిలో ప్రభువు రొట్టె అందుకునేటప్పుడు చేతులు చాపడానికే సిగ్గేసేది. తన గోళ్లంటే తనకే రోత.

ఆ షెడ్డులోంచి ఆమెను బయటికి తెచ్చింది రాజేశ్వర్ సారు. ఆయన కంపెనీ కెమిస్టు, సంగారెడ్డి మనిషి. ఎమ్మెస్సీ చదివాడు, మెల్లగా మాట్లాడతాడు, ఎవరినీ ఏయ్ అని పిలవడు. ఒకరోజు లై వండే మనిషి రాకపోతే మార్తమ్మను పిలిచాడు. లై అంటే మైదా, గంజిపిండి, నవసాగరం, జింకు ఉప్పు నీళ్లలో కలిపి ఉడికించే జిగురు. జింకు డబ్బీకీ, లోపలి నల్ల ముద్దకూ నడుమ అదే ఉంటుంది. పలుచనైతే కారుతుంది, చిక్కనైతే పగులుతుంది. మార్తమ్మ గరిటె ఎత్తి, జారే తీగను ఒక్కసారి చూసి పొయ్యి ఆర్పేసింది. ఆ విడతలో ఒక్క సెల్లూ కారలేదు. ఇక ఆమెను లై గదిలోనే ఉంచేశారు.

అక్కడ గాలి ఉంది, కిటికీ ఉంది. రాజేశ్వర్ సారు రోజూ తన స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. లై పొయ్యి పక్క పొయ్యి మీద ఆమె చాయ్ కాచేది. ఆయన కిటికీ దగ్గర నిలబడి తాగుతూ, అడిగినదానికి విసుక్కోకుండా చెప్పేవాడు. మార్తమ్మ నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అంత చదివినాయన తనతో నిలబడి మాట్లాడటం ఆమెకు గొప్పగా ఉండేది. ఇంటికి పోయి పౌలుకు చెప్పేది. "మా సారు అసుంటి మనిషి లేడు" అనేది.

డెబ్బై ఏడులో, వానలు పట్టిన కొత్తలో, చిన్న సేటు బద్రీనాథ్ ఒక గాజు సీసా తెచ్చాడు. ఆయన కంపెనీ యజమాని కొడుకు. జర్దా పాను నములుతూ లై గదిలోకి వస్తాడు, వచ్చిన ప్రతిసారీ కిటికీలోంచి ఉమ్ముతాడు. కిటికీ చెక్కకు ఎర్రటి చారలు ఎండిపోయి ఉండేవి. వాటిని కడిగేది మార్తమ్మే.

సీసాలో కిరోసిన్ లాంటి నూనె. అందులో మసకబారిన తెల్లటి రేకు ముక్కలు. అవి అడుగున లేవు, నూనె మీద తేలుతున్నాయి.

"లిథియం," అన్నాడు రాజేశ్వర్. ఆయన గొంతులో ఆశ్చర్యం వినిపించింది. "ఇది మీకెట్ల దొరికింది చిన్న సేటూ?"

"గవన్నీ నీకెందుకు? దీనితోని మూడు వోల్టుల సెల్లు చెయ్యి. వచ్చే వారం బొంబాయినుంచి వ్యాపారస్తుడు వస్తుండు. మీటరు పెట్టి చూపించాలె. ఆయన వాటా పెడ్తనంటుండు."

"మూడు వోల్టులు వస్తయని మీకెవలు చెప్పిండ్రు?"

"గోడ మీద రాసుంది గదా!" బద్రీనాథ్ పాను వేలితో గోడ మీద రాజేశ్వర్ అంటించిన లోహాల వోల్టుల పట్టికను పొడిచాడు. అక్కడ ఎర్రటి మరక పడింది. "జింకుకు సున్నా పాయింట్ ఏడు ఆరు. లిథియంకు మూడు పాయింట్ సున్నా నాలుగు. జింకు తీసెయ్, ఇది పెట్టు. గంతే."

ఆయన వెళ్లాక మార్తమ్మ తడి గుడ్డతో ఆ మరక తుడుస్తూ అడిగింది. "సారూ, గింత ముక్క మన గంత జింకు డబ్బీకంటె ఎక్కువ ఎట్లిస్తది?"

రాజేశ్వర్ చాయ్ గ్లాసు కిటికీ మీద పెట్టాడు. ఇలాంటివి చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగేది.

"ముక్క పెద్దదా చిన్నదా అన్నదానితోని వోల్టు రాదు మార్తమ్మా. పెద్దదైతే ఎక్కువ దినాలు వస్తది, గంతే. వోల్టనేది ఎత్తు తేడా. ఈ పట్టిక సూడు. నడుమ హైడ్రోజన్. దాన్ని సున్నా అనుకున్నరు, నేల మట్టం అనుకో. నేల కింద బాయిలో కొంచెం దిగితే జింకు. అడుగుకంటా దిగితే లిథియం. మన నల్ల మసాలాల మాంగనీసు ఉంది సూడు, అది నేల మీద మిద్దె. మిద్దెకూ జింకుకూ తేడా ఒకటిన్నర. అదే మన సెల్లు. మిద్దెకూ లిథియంకూ తేడా మూడు దాటుతది. ఒక్క లోహం నంబరు సూసి లాభం లేదు, రెండిటి నడుమ తేడా సూడాలె."

"మరి అది గంత లోతుకు ఎందుకు దిగింది?"

"మంచిగడిగినవ్. లోహంలోంచి ఒక పరమాణువు నీళ్లలోకి పోవాలంటే ముందు తోటివాండ్లను విడవాలె, తనలోని ఎలక్ట్రాను ఇడిసిపెట్టాలె. అది ఖర్చు. తర్వాత నీళ్లు వచ్చి దాన్ని పట్టుకుంటయి. అది రాబడి. లిథియం ఇడిసేది ఒక్క ఎలక్ట్రానే. ఇడిసినంక మిగిలేది సన్నది, మస్తు సన్నది. సన్నదానికి నీళ్లు దగ్గరికొచ్చి గట్టిగ పట్టుకుంటయి. ఖర్చును దాదాపు ఆ పట్టే తీరుస్తది. జింకు రెండు ఇడవాలె. రెండోది ఇడవాలంటే పానం పోయినట్లే. దాన్నీ నీళ్లు గట్టిగనే పట్టుకుంటయి, ఇంకా గట్టిగ పట్టుకుంటయి గూడ. కాని ఆ ఖర్చుకు చాలదు. మిగిలిన లోటును రెండు ఎలక్ట్రాన్లకు పంచి సూసినా, ఒక్కోదాని మీద లిథియం కంటె ఎక్కువే పడ్తది. అందుకే జింకు పైన్నే ఆగింది."

మార్తమ్మ గరిటె తిప్పుతూ వింది. అన్నీ పట్టుబడలేదు గానీ బావి, మిద్దె ఆమె తలలో నిలిచాయి.

"అయితె మూడు వోల్టులు వస్తదన్నట్టే గదా. చిన్న సేటు జెప్పింది నిజమే."

"నిజమే. మన లై లోపల మాత్రం కాదు." ఆయన ఒక గ్లాసులో నీళ్లు పోశాడు. చిమటాతో చిన్న ముక్క తీసి, నూనె తుడిచి అందులో వేశాడు. ముక్క నీటి మీద తేలుతూ బుసబుసమంటూ అటూ ఇటూ పరిగెత్తింది. కాసేపటికి కరిగి మాయమైంది. గ్లాసు వెచ్చబడింది. "వేలు పెట్టకు. ఇప్పుడది సున్నం కంటె ఘోరం. అంత లోతున ఉన్నది గదా, అది ఎలక్ట్రాన్లను తీగెలో పోనియ్యదు, దగ్గరున్న నీళ్ల మీదకే విసిరేస్తది. హైడ్రోజన్ గాలి పుడ్తది. జింకు గూడ నేల కిందిదే, అదీ నీళ్లను తింటది. కాని బద్ధకపుది, పైగా మనం పాదరసం ఉప్పు కలుపుతం. కాబట్టి ఏడాది ఆగుతది. దీన్ని ఆపే ఉప్పు లేదు. బయటి దేశాల్ల నీటి చుక్క లేని ద్రావకం పోసి చేస్తున్నరు. అక్కడ గూడ మూడు దగ్గర్నే వస్తది. మన దగ్గర అది లేదు."

అంత స్పష్టంగా తెలిసిన మనిషి. ఆ మాటలన్నీ ఆయన నోటే, ఆమె ఎదుటే వచ్చాయి. తర్వాత మార్తమ్మ మరిచిపోలేకపోయింది ఇదే.

మర్నాడు అదే గ్లాసు ఆటను చిన్న సేటుకూ చూపించాడు. బద్రీనాథ్ పకపకా నవ్వాడు. "గోలీసోడా తీర్గ ఉందిరా భయ్! చిక్కటి లై పెట్టు. నీళ్లు తక్కువ పొయ్యిమను."

"తక్కువైనా నీళ్లు నీళ్లే సేటూ."

"మైనం పుయ్యి మరి."

"మైనం పూస్తె కరెంటు గూడ పోదు. కరెంటు పోనిస్తె నీళ్లనూ పోనిస్తది."

"నాకు ఏడాది ఒద్దు. ఆయన చేతిల పెట్టి, మీటరు సూపి, మళ్ల తీస్కుంట. జెర సేపు ఆగితె చాలు." బద్రీనాథ్ కిటికీలోంచి ఉమ్మి, పెదవి తుడుచుకున్నాడు. "ఎమ్మెస్సీలు సంగారెడ్డిల మస్తుమంది దొరుకుతరు సారూ."

మార్తమ్మ రాజేశ్వర్ వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ, "చేద్దాం సేటూ" అన్నాడు.

బొంబాయి వ్యాపారి వచ్చిన రోజు వాన పడుతూనే ఉంది. ముందు గదిలో ఆయన కోసం మిర్చి బజ్జీలు వేయిస్తున్నారు. వాసన వెనక షెడ్డు దాకా వచ్చింది. లై గదిలో మార్తమ్మ చిక్కటి లై వండి ఇచ్చింది. ఇనుప డబ్బీ లోపల లిథియం రేకును రాజేశ్వరే ఒత్తాడు. లై పోశాడు, బొగ్గు కడ్డీ గుచ్చిన నల్ల ముద్దను నడుమ దించాడు. మీటరు ముల్లు రెండున్నర దాటి ఎగిరి, మూడుకు చేరకుండానే వెనక్కి రావడం మొదలైంది. లై మీద చిన్న చిన్న బుడగలు లేస్తున్నాయి.

"జల్దీ మూత బిగించు," అన్నాడు బద్రీనాథ్. "సెల్లు సెల్లు లెక్కనే ఉండాలె గదా!"

మూత బిగించేది లై గది ఎదుటి బల్ల దగ్గర కూర్చునే ముత్యమ్మ. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చే మనిషి. మార్తమ్మను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆమె బల్ల మీద పని ఇలా సాగుతుంది: అట్ట బిళ్ల పెట్టాలి, దాని మీద కరిగిన డాంబరు పోయాలి, సెల్లును ముఖం దగ్గరికి తీసుకుని ఊది చల్లార్చాలి. ఊదితే డాంబరు నున్నగా సర్దుకుని అంచుకు అంటుకుంటుంది. ఊదకపోతే బొబ్బలు లేస్తాయి. ఆమె రోజంతా ఊదుతుంది. ఆ బల్ల పక్కనే రోజూ నిలబడి రాజేశ్వర్ సారు లెక్క చూస్తాడు. "ముత్యమ్మ ఊదిన సెల్లు కారదు" అని ఆయనే మెచ్చుకున్నాడు.

ఆ రోజు ఆమె చేతికి సెల్లు ఇచ్చింది ఆయనే. ముత్యమ్మ డాంబరు పోసింది. ముఖం దగ్గరికి తీసుకుంది. మార్తమ్మ లై గది గుమ్మంలోనే ఉంది. లై మీది ఆ బుడగలు గాలి అని ఆమెకు తెలుసు. ఆ గాలిని మూతేసి బంధిస్తే ఏమవుతుందో ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. రాజేశ్వర్ సారుకు తట్టింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తను తప్పుకున్నాడు. ముత్యమ్మకు మాత్రం చెప్పలేదు.

టపాసు పేలినంత చప్పుడు. మూత ఎగిరింది. వేడి డాంబరు, ఆ సున్నం కంటె ఘోరమైన నీళ్లు, నల్ల ముద్ద, అన్నీ ముత్యమ్మ ముఖం మీద.

"నా కండ్లు! పెద్దమ్మా, నా కండ్లు!"

మార్తమ్మ ఆమెను కుండ దగ్గరికి ఈడ్చుకుపోయి, జుట్టు పట్టి తల వంచి, కండ్లలో నీళ్లు పోస్తూనే ఉంది. ముత్యమ్మ గింజుకుంటుంటే మోకాలితో అదిమి పోసింది. కుండ ఖాళీ అయ్యాక బకెట్టు. "పొయ్యి, ఇంకా పొయ్యి, ఆపకు" అని రాజేశ్వర్ దూరం నుంచే చెబుతున్నాడు. చెప్పింది సరైనదే. ఆయన చెప్పేది ఎప్పుడూ సరైనదే.

జీపులో ఆమెను ఎక్కించి ఆసుపత్రికి పంపాక మార్తమ్మ చేతులు కడుక్కోవడానికి ముందు గది పక్కనున్న కొళాయి దగ్గరికి పోయింది. తలుపు తెరిచి ఉంది. బద్రీనాథ్ బొంబాయి వ్యాపారితో, "ఛోటా సా ఆక్సిడెంట్, లేబర్ కీ గలతీ" అంటూ తప్పు పనివాళ్ల మీదికి తోసి నవ్వుతున్నాడు. పక్క కుర్చీలో రాజేశ్వర్. ఆయన ముందు ప్లేటు. ఆయన చేతిలో మిర్చి బజ్జీ. దాన్ని సగం కొరికి, వేళ్లకు అంటిన నూనెను కాగితానికి జాగ్రత్తగా తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా.

మార్తమ్మ కొళాయి కట్టేయడం మరచిపోయి వాంతి చేసుకుంది.

ముత్యమ్మ కుడి కన్ను పోయింది. ఎడమది నిలిచింది గానీ ఎప్పుడూ నీళ్లు కారేది. ఆమె మొగుడు పని లేనివాడు. కంపెనీ జీతమే ఆ ఇంటి అన్నం. తప్పు ముత్యమ్మదని తేలితే ఆమెను మళ్లీ గేటులోకి రానివ్వరు. కంపెనీది అని తేలితే ఏదో ఒక చేతనైన పని ఇచ్చి ఉంచుకోవాలి. దీన్ని తేల్చడానికి లేబరాఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని యాదన్న వాచ్‌మన్ చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు రావడానికి ముందు రోజు రాజేశ్వర్ ఎప్పటిలా గ్లాసుతో లై గదికి వచ్చాడు. మార్తమ్మ చాయ్ పొయ్యలేదు.

"మార్తమ్మా, రేపు నిన్ను గూడ పిలుస్తరు. నాకేం తెల్వదు, లై వండిన అని చెప్పు. నీకు పరేషాన్ ఉండదు."

"ఊదొద్దని నువ్వు ఆమెకు ఎందుకు చెప్పలె సారూ?"

"అందరికీ తెలిసిందే గదా, పేలేది ముఖానికి దూరం పెట్టాలని."

"పేలుతదని ఎవలకు తెలుసు? నీకు తెలుసు. గ్లాసుల ఏసి నాకు సూపినవ్. నువ్వు అడుగు ఎనుకకేసినవ్, నేను సూసిన."

ఆయన ముఖం ఎర్రబడింది. "నాకు గూడ పిల్లలున్నరు. ఉద్యోగం పోతె..."

"ఆమెకు పిల్లలు లేరా? నీ తెలివంతా నాకు కంపు కొడ్తుంది సారూ. మసాలా షెడ్డు నయం. అక్కడి నలుపు కడిగితె పోతది."

ఆయన ఖాళీ గ్లాసుతో వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టరు ముసలాయన, తడి గొడుగు ముడిచి మూలన పెట్టి కూర్చున్నాడు. బద్రీనాథ్ మొదలుపెట్టాడు. ముఖం దగ్గర పెట్టవద్దని ముందే చెప్పామని, వినలేదని, ఈ ఆడవాళ్లతో చావొచ్చిందని. ఇన్‌స్పెక్టరు మార్తమ్మను పిలిచాడు.

"నువ్వేం చూశావమ్మా?"

చేతులు చీర కొంగులో దాచుకుని ఆమె చెప్పింది. "ఊది సల్లార్చుడు ఆమె పని సార్. దినాం అందరి ముందటనే ఊదుతది. అది వేరే తీరు సెల్లు అని, ఊదొద్దని ఎవ్వలు చెప్పలె. నేను గుమ్మంలనే ఉన్న, చెప్పితె నాకు ఇనొస్తుండె."

"అబద్ధం!" అన్నాడు బద్రీనాథ్. "నేను చెప్పిన. సారుండె గదా, అడుగుండ్రి."

ఇన్‌స్పెక్టరు రాజేశ్వర్ వైపు తిరిగాడు. "చెప్పారా ఆయన?"

రాజేశ్వర్ బద్రీనాథ్‌ను చూశాడు, బల్లను చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాకు... సరిగ్గా గుర్తు లేదు," అన్నాడు.

"పక్కనే ఉన్న కెమిస్టుకే గుర్తు లేదంటే, ఆమెకు చెప్పలేదనే రాస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మళ్లీ తలెత్తలేదు.

అలా ముత్యమ్మకు పని దొరికింది. మూతలు బిగించే బల్ల కాదు, సెల్లు మీద కాగితం చుట్టే బల్ల. బొంబాయి వ్యాపారి మళ్లీ రాలేదు. నూనె సీసా ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

ఆమె తిరిగి వచ్చిన రోజు కంపెనీలో ఆడవాళ్లందరూ చుట్టూ చేరారు. కుడి కంటి మీద గుడ్డ కట్టుకుని, బెరుకుగా నవ్వుతోంది. అంతలో రాజేశ్వర్ సారు ఆఫీసు గదిలోంచి ఒక కుర్చీ తనే మోసుకొచ్చాడు, చేతులున్న కుర్చీ. ఆమె బల్ల దగ్గర వేసి, చేత్తో దుమ్ము దులిపాడు.

"కూసో ముత్యమ్మా. నడుం నొయ్యకుంట ఉంటది."

ముత్యమ్మ ఒంటి కంట నీళ్లు కారుతుండగా రెండు చేతులూ జోడించింది. "నీ కాళ్లు మొక్కుత సారూ. ఇన్‌స్పెక్టరు ముందట నువ్వు నా దిక్కు ఉన్నవంట. యాదన్న చెప్పిండు. నువ్వు లేకుంటె నా పిల్లలు ఏమైతుండిరి!"

రాజేశ్వర్ మొహమాటంగా నవ్వి, "ఏం లేదు, ఏం లేదు" అంటూ తలూపాడు. తన గురించి తనే నమ్మేసినట్టున్నాడు. ఆ నవ్వు మెల్లగా ముఖమంతా పరుచుకుంది.

జరిగింది చెప్పడానికి మార్తమ్మ నోరు తెరిచింది. ముత్యమ్మ కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, మెత్తగా ఉందా అని నిమిరి చూసుకుంటోంది. ఇన్నాళ్లకు ఒక మనిషి తనను లెక్కలోకి తీసుకున్నాడన్న సంబరం ఆ ఒక్క కంట్లో ఉంది. ఇప్పుడు చెబితే అదీ పోతుంది. ఆమెకు మిగిలేది పోయిన కన్నూ, ఈ మనిషీ.

"పెద్దమ్మా, సూసినవా, సారు కుర్చీ దెచ్చిండు!"

"సూసిన బిడ్డా," అంది మార్తమ్మ.

నోట్లో చేదు ఊరింది. మింగితే దిగలేదు. బయటికి నడిచి గోడ వారగా ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుని, మాడుతున్న లై దగ్గరికి పోయింది.